ఆపరేషన్‌కు ముందు మూలికా మందులు ఎందుకు, ఎన్ని రోజుల ముందు ఆపాలి?

ఆపరేషన్‌కు ముందు ఏ మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే చాలామంది బీపీ, షుగర్ బిళ్ళల పేర్లు చెప్పి ఊరుకుంటారు. వెల్లుల్లి క్యాప్సూళ్ళు, అశ్వగంధ చూర్ణం, పొడపత్రి కషాయం లాంటివి వారి లెక్కలో మందులు కావు. కానీ ఇవి శరీరంలో పనిచేస్తాయి కాబట్టే ఆపరేషన్ సమయంలో ఇబ్బంది పెడతాయి. ఆ ఇబ్బందులు ముఖ్యంగా మూడు: రక్తం గడ్డకట్టకపోవడం, షుగర్ పడిపోవడం, మత్తుమందు ప్రభావం మారిపోవడం.

మొదటిది అన్నిటికంటే తీవ్రమైనది. గాయమైన చోట రక్తాన్ని ముందుగా ఆపేవి ప్లేట్‌లెట్లు. అవి ఒకదానికొకటి అతుక్కుని రంధ్రాన్ని మూస్తాయి. వెల్లుల్లిలోని అజోయిన్ అనే పదార్థం ఈ అతుక్కునే గుణాన్ని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న ప్లేట్‌లెట్ మళ్ళీ కోలుకోదు. దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు కాబట్టి, వాటి స్థానంలో కొత్తవి తగినన్ని పుట్టేదాకా ఆగాలి. వెల్లుల్లి మాత్రలను కనీసం 7 రోజుల ముందు ఆపమనడానికి కారణం ఇదే. జిన్‌సెంగ్‌కు కూడా 7 రోజులే. జింకో ప్రభావం త్వరగా తగ్గుతుంది కాబట్టి దానికి కనీస గడువు 36 గంటలు. అల్లం, పసుపు సారంతో చేసిన క్యాప్సూళ్ళకూ ప్లేట్‌లెట్లను మందగింపజేసే గుణం ఉంది.

ఈ లోపం మామూలు రక్తపరీక్షలో కనబడకపోవచ్చు. ఆ పరీక్ష ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది, అవి సరిగా పనిచేస్తున్నాయో లేదో చెప్పదు. అందుకే రిపోర్టు బాగున్నా రోగి నోటితో చెప్పే మాట అవసరం.

రెండో ఇబ్బంది షుగర్. పొడపత్రి, కాకరకాయ రసం, అధిక మోతాదులో మెంతిపొడి, జిన్‌సెంగ్ రక్తంలో గ్లూకోజును తగ్గించగలవు. ఆపరేషన్‌కు ముందు గంటల తరబడి ఏమీ తినరు కాబట్టి ఆ తగ్గుదల మరింత పెరగవచ్చు. మెలకువగా ఉన్న మనిషికి చెమట, వణుకు, గుండెదడ ప్రమాదాన్ని తెలియజేస్తాయి. మత్తులో ఉన్నవారు తమకు ఏమవుతోందో చెప్పలేరు.

మూడోది మత్తు. అశ్వగంధకు నిద్ర తెప్పించే గుణం ఉండటంతో అది మత్తుమందుకు తోడై మెలకువ ఆలస్యం కావచ్చు. దిగులు తగ్గడానికి పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా వాడే సెయింట్ జాన్స్ వర్ట్ మరో రకం. అది కాలేయంలోని ఎంజైములను చురుకెక్కించి ఇతర మందులను త్వరగా విరిచేస్తుంది. దాన్ని వాడిన ఇద్దరు గుండె మార్పిడి రోగుల్లో రక్తంలో సైక్లోస్పోరిన్ స్థాయి పడిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని 2000లో లాన్సెట్ వైద్యపత్రిక ప్రచురించింది. దీన్ని కనీసం 5 రోజుల ముందు ఆపాలి.

చాలా మూలికల విషయంలో ఇలాంటి కచ్చితమైన గడువు లేదు. ఒకే డబ్బాలో అనేక మూలికలు కలిసి ఉంటాయి, మోతాదులు కూడా కంపెనీని బట్టి మారతాయి. అందువల్ల అన్నిటినీ రెండు వారాల ముందే ఆపమని మత్తు డాక్టర్లు సాధారణంగా సలహా ఇస్తారు. నిద్ర కోసం చాలాకాలంగా వలేరియన్ వాడేవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. మానితే ఆందోళన, కలవరం తలెత్తవచ్చు కాబట్టి డాక్టర్ సలహాతో మోతాదును క్రమంగా తగ్గించుకోవాలి.

ఉదాహరణకు ఒక వ్యక్తికి 20వ తేదీన మోకాలి మార్పిడి ఆపరేషన్ ఉందనుకుందాం. ఆయన వెల్లుల్లి క్యాప్సూళ్ళు, అశ్వగంధ, పొడపత్రి వాడుతున్నారు. మూడింటినీ 6వ తేదీకల్లా ఆపాలి. నడుములో మత్తు ఇంజెక్షన్ ఇచ్చే అవకాశం ఉంటే వెల్లుల్లి విషయం మరింత ముఖ్యం. వెన్నుపాము పక్కన రక్తం చేరితే అది నరాలను నొక్కి కాళ్ళు చచ్చుబడేలా చేయగలదు. పొడపత్రి ఆపాక షుగర్ పెరగవచ్చు కాబట్టి ఆ రెండు వారాలూ పరీక్ష చేయించుకుంటూ, అవసరమైతే డాక్టర్ చెప్పిన మందు వాడాలి. కూరలో వేసే వెల్లుల్లి, పసుపు, అల్లం మానాల్సిన పనిలేదు. ఈ జాగ్రత్త క్యాప్సూళ్ళకు, సారాలకు, కషాయాలకు సంబంధించినది.

బీపీ బిళ్ళలు, గుండెకు వాడే ఆస్పిరిన్ లాంటివి ఈ జాబితాలోకి రావు. వాటిని సొంతంగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు, ఆ నిర్ణయం డాక్టర్‌దే. అత్యవసర ఆపరేషన్‌లో గడువు పాటించే వీలుండదు. అప్పుడు చివరిగా ఏ మూలిక, ఎప్పుడు, ఎంత తీసుకున్నారో మత్తు డాక్టర్‌కు చెప్పాలి, వీలైతే డబ్బానే చూపించాలి. దాన్నిబట్టి వారు మత్తు పద్ధతిని మార్చుకుంటారు, రక్తం సిద్ధంగా ఉంచుతారు, షుగర్‌ను మరింత తరచుగా చూస్తారు. ఆపరేషన్ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం కూడా, గాయం నుంచి రక్తస్రావం భయం తీరాక, డాక్టర్‌ను అడిగే చేయాలి.