సగం ధర కూపన్ పెట్టినా బిల్లు ఎందుకు దిగదు?

యాప్‌లో చికెన్ బిర్యానీ 260 రూపాయలు, గోబీ మంచూరియా 140. రెండూ కలిపి 400. ‘50 శాతం తగ్గింపు’ కూపన్ నొక్కగానే తెర మీద రంగు కాగితాలు రాలాయి. రెండొందలతో పనైపోతుందనుకుని కిందికి జరిపి చూస్తే, చెల్లించాల్సిన మొత్తం 395 రూపాయలు. సగం తగ్గిస్తే మిగిలింది ఐదు రూపాయలేనా?

లెక్కలో తప్పేమీ లేదు. కూపన్ దేని మీద పనిచేస్తుంది, దేన్ని ముట్టుకోదు అన్నది తెలిస్తే ఈ 395 ఎక్కడి నుంచి వచ్చిందో రూపాయితో సహా చెప్పొచ్చు.

బిల్లులోని డబ్బు మూడు చోట్లకు వెళ్తుంది. వంటకాల ధర, ప్యాకింగ్ చార్జీ హోటల్‌వి. డెలివరీ ఫీజు ఆర్డరు తెచ్చిపెట్టినందుకు. ప్లాట్‌ఫామ్ ఫీజు యాప్ తన సేవకు తీసుకునేది. మన దేశంలో పెద్ద యాప్‌లు దీన్ని 2023లో ఆర్డరుకు రెండు రూపాయలతో మొదలుపెట్టి, తర్వాత పెంచుతూ పోయాయి. మీరు ఇడ్లీ తెప్పించుకున్నా, పదిమందికి విందు తెప్పించుకున్నా ఈ ఫీజు ఆర్డరుకు ఇంతని ఉంటుంది. అందుకే చిన్న ఆర్డర్లకు దీని బరువెక్కువ.

పన్ను కూడా ఈ విభజన ప్రకారమే పడుతుంది. వంటకాల మీద, హోటల్ వేసే ప్యాకింగ్ మీద సాధారణంగా 5 శాతం జీఎస్టీ. 2022 జనవరి 1 నుంచి ఈ పన్నును హోటల్ బదులు యాపే ప్రభుత్వానికి కడుతోంది. ప్లాట్‌ఫామ్ ఫీజు మీద 18 శాతం. యాప్ ద్వారా జరిగే డెలివరీ సేవకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదే రేటు.

ఇప్పుడు మన ఆర్డరుకు వద్దాం. ఫీజులు ఊరిని బట్టి, దూరాన్ని బట్టి, వేళను బట్టి మారతాయి కాబట్టి లెక్క తేలికగా ఉండేలా ప్యాకింగ్ ఐటమ్‌కు 10 చొప్పున 20, డెలివరీ 40, ప్లాట్‌ఫామ్ ఫీజు 10 అనుకుందాం.

ముందు కూపన్. 400లో సగం 200. కానీ కూపన్ కింద చిన్న అక్షరాల్లో ‘గరిష్ఠంగా 100’ అని ఉంది. కాబట్టి తగ్గేది 100 మాత్రమే. వంటకాల ధర 300కు దిగింది. దానికి ప్యాకింగ్ 20 కలిపితే 320, దాని మీద 5 శాతం పన్ను 16. హోటల్ వైపు లెక్క 336 దగ్గర ఆగింది. డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజులు కలిపి 50, వాటి మీద 18 శాతం అంటే 9. ఈ 59ని కూపన్ ముట్టుకోలేదు. 336కు 59 కలిపితే 395.

కూపనే లేకపోతే ఎంతయ్యేది? 420 మీద 21 రూపాయల పన్ను, ఆపైన అదే 59. సరిగ్గా 500. అంటే మనకు నిజంగా మిగిలింది 105. వంద తగ్గింపుతో పాటు, ఆ వంద మీద పడాల్సిన ఐదు రూపాయల పన్నూ తప్పింది. కూపన్ మీద 50 శాతం అని రాసి ఉన్నా, జేబు లెక్కలో అది 21 శాతం.

ఇదే కూపన్‌ను 200 రూపాయల వంటకం ఒక్కదాని మీద వాడితే 279 రూపాయల 50 పైసలు కావాల్సిన బిల్లు 174 రూపాయల 50 పైసలు అవుతుంది. మిగిలేది అదే 105 అయినా, శాతంలో దాదాపు 38. గరిష్ఠ పరిమితి ఉన్న కూపన్ ఆ పరిమితిని అందుకునే దగ్గరే బాగా గిట్టుబాటు. అక్కడి నుంచి మీరు కలిపే ప్రతి ఐటమూ పూర్తి ధరకే వస్తుంది. కాబట్టి కూపన్లు పోల్చేటప్పుడు శాతాన్ని పక్కనపెట్టి, మీ ఆర్డరు మీద ఎన్ని రూపాయలు తగ్గుతున్నాయో చూడండి. ‘ఉచిత డెలివరీ’ కూపన్ పెట్టి ఉంటే ఇదే ఆర్డరులో మిగిలేది పన్నుతో కలిపి 47 రూపాయల 20 పైసలే.

ఒకే కూపన్ పెట్టినా మీ స్నేహితుడి బిల్లు 395 బదులు 400 రావచ్చు. పన్ను వరుస చూడండి. వంటకాల మీద పన్ను 16 కాకుండా 21 ఉంటే, దాన్ని తగ్గింపుకు ముందున్న ధర మీద వేశారన్నమాట. హోటలే తన ధర తగ్గించి బిల్లులో చూపితే, తగ్గిన ధర మీదే పన్ను. తగ్గింపు ఖర్చును యాప్ భరించి హోటల్‌కు చెల్లిస్తే, హోటల్‌కు ముట్టిన ధర మొత్తమే కదా, పన్నూ దాని మీదే పడుతుంది.

ఇక ‘399 దాటితే 125 తగ్గింపు’ లాంటి కూపన్ల సంగతి. మీ బుట్టలో 340 రూపాయల వంటకాలున్నాయనుకోండి. ఇప్పుడు వంద తగ్గింపు వస్తోంది. 60 రూపాయల గులాబ్ జామూన్ చేరిస్తే 125 వస్తుంది. జామూన్‌కు ప్యాకింగ్, పన్నుతో కలిపి అయ్యేది 73 రూపాయల 50 పైసలు. అదనంగా తగ్గేది 25, దాని మీద పన్నుతో కలిపి 26 రూపాయల 25 పైసలు. తేడా 47 రూపాయల 25 పైసలు మీ జేబులోంచే పోతుంది. జామూన్ తినాలని ఉంటే చవకే. కూపన్ కోసమే చేరిస్తే మాత్రం ఖర్చు పెరిగినట్టే. ఆ 399 లెక్కలోకి సాధారణంగా వంటకాల ధర మాత్రమే వస్తుందని, ప్యాకింగ్, ఫీజులు, పన్నులు రావని కూడా గుర్తుంచుకోవాలి.

చాలామంది పొరబడేది ‘జీఎస్టీ, ఇతర చార్జీలు’ అన్న వరుస దగ్గర. మన ఆర్డరులో ఆ వరుస 45 చూపిస్తుంది. ప్రభుత్వం ఇంత లాగేస్తోందా అనిపిస్తుంది. దాన్ని వేలితో నొక్కితే విడివిడిగా తెరుచుకుంటుంది: ప్యాకింగ్ 20, వంటకాల పన్ను 16, ఫీజుల పన్ను 9. అందులో పన్ను 25 రూపాయలే. కొన్ని యాప్‌లు ఫీజును పన్నుతో కలిపే చూపిస్తాయి, అప్పుడు దాని మీద మళ్లీ 18 శాతం లెక్కేయకూడదు.

చెల్లించే ముందు చివరిగా రెండు విషయాలు చూసుకోవాలి. ఏదైనా ఐటమ్ తీసేస్తే మొత్తం పరిమితి కిందికి దిగి కూపన్ రాలిపోతుంది, అది ఇంకా ఉందో లేదో చూడండి. అలాగే మీరు ఎంచుకోని విరాళమో, గత ఆర్డరు నుంచి వస్తున్న టిప్పో కలిసిందేమో గమనించండి. అడక్కుండా బుట్టలో ఏదైనా చేర్చడాన్ని, అసలు ధరను ముందే చెప్పకుండా చివర్లో బయటపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. యాప్ వాళ్లు సరిచేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. తెర ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకోండి.

అన్నీ సరిపోయినా ఒక పోలిక మిగిలే ఉంటుంది. చాలా హోటళ్లు యాప్‌లో పెట్టే ధర, కౌంటరు దగ్గర తీసుకునే ధర ఒకటి కావు. అదే బిర్యానీ, మంచూరియా హోటల్ దగ్గర 340కే ఇస్తుంటే, పన్నుతో కలిపి 357. అప్పుడు మన 395లో 105 మిగిలిందన్న మాట యాప్ ధరతో పోల్చినప్పుడే నిజం. కౌంటరు ధరతో చూస్తే కూపన్ పెట్టాక కూడా 38 రూపాయలు ఎక్కువే ఇచ్చాం. ఇంటి దాకా తెచ్చిపెట్టినందుకు ఆ 38 సబబే అనిపిస్తే ఆర్డరు నొక్కండి, లేకపోతే హోటల్‌కు ఫోన్ చేసి పార్సిల్ కట్టమనండి.