మీటర్ 115 అంటుంది, హీటర్ ఒప్పుకోదు

1000 వాట్ల హీటర్‌ను థైరిస్టర్ రెగ్యులేటర్ మీదుగా 230 వోల్టుల సరఫరాకు కలిపి, నాబ్‌ను మధ్యకు తిప్పామనుకుందాం. మామూలు మల్టీమీటర్ పెడితే హీటర్ దగ్గర 115 వోల్టులు చూపిస్తుంది. వోల్టేజీ సగమైతే పవర్ నాలుగో వంతు కాబట్టి 250 వాట్లని లెక్క తేలుతుంది. హీటర్ మాత్రం నిక్షేపంగా 500 వాట్లు లాగుతుంటుంది.

థైరిస్టర్ వోల్టేజీ అల ఎత్తును తగ్గించదు, అలను కోస్తుంది. మన సరఫరాలో ఒక్కో సగం అల 10 మిల్లీసెకన్లు, కోణంలో చెబితే 180 డిగ్రీలు. గేటుకు చిన్న పల్స్ అందేదాకా థైరిస్టర్ మూసుకునే ఉంటుంది. అందాక తెరుచుకుంటుంది. ఇక లోపలి ప్రవాహం సున్నాకు పడిపోయేదాకా గేటు మాట కూడా వినదు. అల సున్నా దాటిన క్షణం నుంచి పల్స్ పడేదాకా ఉన్న కోణమే ఫైరింగ్ కోణం, α. 5 మిల్లీసెకన్లు ఆగితే 90 డిగ్రీలన్నమాట. ఒక థైరిస్టర్ ఒక వైపే వదులుతుంది కనుక, ఏసీ లోడ్‌కు రెండింటిని ఎదురెదురుగా కలుపుతారు. ఇంట్లో డిమ్మర్‌లో ఆ జంట పనిని ట్రయాక్ ఒక్కటే చేస్తుంది.

పై సగం, కింది సగం ఒకేలా తెగుతాయి కాబట్టి మొత్తం అల సగటు సున్నాయే. అందుకే సగటును సగం అలకు లెక్కిస్తారు:

Vavg = (Vm/π)(1 + cos α)

230 వోల్టుల సరఫరాకు అల శిఖరం Vm సుమారు 325. కోత లేనప్పుడు సగటు 207 వోల్టులు, 60 డిగ్రీలకు 155, 90 డిగ్రీలకు 103.5. చవక మీటర్ కొలిచేది ఈ సగటునే. దాన్ని నిండు సైన్ అలకు మాత్రమే సరిపోయే 1.11తో గుణించి 115 అని చూపిస్తుంది. వేడి పుట్టేది వోల్టేజీ వర్గాన్ని బట్టి. శిఖరం దగ్గర తెగిన అలలో సరిగ్గా సగం శక్తి మిగులుతుంది. అంటే అసలు ఆర్‌ఎంఎస్ వోల్టేజీ 163. ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ చూపించేది ఇంచుమించు ఇదే. 30 డిగ్రీలు కోసినా పవర్ తగ్గేది 3 శాతమే. నాబ్ మొదట్లో ఎంత తిప్పినా తేడా తెలియదని విసుక్కునేవాళ్లకు ఇదే జవాబు.

ఈ సూత్రం హీటర్, బల్బుల్లాంటి వాటికే. ఫ్యాన్ మోటారులో వోల్టేజీ సున్నా దాటాక కూడా ప్రవాహం కాసేపు సాగుతుంది, థైరిస్టర్ వెంటనే మూసుకోదు, లెక్క మారిపోతుంది.

సున్నా సగటుకూ ఒక ఉపయోగం ఉంది. హీటర్ దగ్గర మీటర్‌ను డీసీ రేంజ్‌లో పెడితే దాదాపు సున్నా రావాలి. 90 డిగ్రీల దగ్గర 52 వోల్టులు కనిపించిందంటే, జంటలో ఒక థైరిస్టర్ ఫైర్ కావడం లేదు.