సున్నా దగ్గర మెత్తబడ్డ మలుపు

2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్నది రెలూనే. దాని పని బహు తేలిక: వచ్చిన అంకె ధనమైతే అలాగే పోనిస్తుంది, రుణమైతే సున్నా చేసేస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన తొలి జీపీటీ, బెర్ట్ రెండూ దాన్ని పక్కనపెట్టి జెలూను ఎంచుకున్నాయి. డాన్ హెండ్రిక్స్, కెవిన్ గింపెల్ 2016లోనే ప్రతిపాదించిన ఫార్ములా అది.

ఒక్క న్యూరాన్‌ను దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. దానికి −1 వచ్చిందనుకుందాం. రెలూ 0 ఇస్తుంది. అక్కడ గీత వాలు కూడా 0. శిక్షణలో తప్పు దిద్దే సంకేతం ఈ వాలుతో హెచ్చవేసుకుంటూ వెనక్కి వెళ్తుంది కనుక ఈ న్యూరాన్‌కు చేరేది ఏమీ ఉండదు. ఏ ఉదాహరణకూ రుణమే వస్తుంటే అది ఇక నేర్చుకోదు. ‘చచ్చిన రెలూ’ అనేది దీన్నే. ఏయే న్యూరాన్లు ఎప్పుడూ సున్నానే ఇస్తున్నాయో లెక్కపెడితే జబ్బు బయటపడుతుంది.

జెలూ అయితే వచ్చిన అంకెను, బెల్ కర్వ్‌లో దానికి ఎడమ పక్కనున్న వాటాతో హెచ్చవేస్తుంది. −1కి ఆ వాటా సుమారు 0.16, ఫలితం −0.16. వాలు దాదాపు −0.08.

చిన్నదే, కానీ సున్నా కాదు! దిద్దుబాటు అందుతుంది. సున్నా దగ్గర రెలూకున్న పదునైన మూల కూడా ఇక్కడ లేదు.

అలాగని జెలూ సర్వరోగ నివారిణేం కాదు. −5 దగ్గర దాని వాలూ దాదాపు సున్నాయే, పైగా లెక్క బరువు. 2022లో మెటా విడుదల చేసిన ఓపీటీ మళ్లీ రెలూతోనే వచ్చింది. సున్నాలున్నచోట గుణకారం ఎగ్గొట్టి మోడల్‌ను వేగంగా నడపాలనుకునేవారికి రెలూ ఇప్పటికీ పనికొస్తోంది.