ఆగిన డౌన్‌లోడ్ మళ్లీ మొదటికి రాకుండా...

కంప్యూటర్‌లో ఉబుంటు వేసుకోవాలంటే ముందు దాని ఐఎస్ఓ ఫైలు దించుకోవాలి. ఈమధ్య వచ్చిన డెస్క్‌టాప్ వెర్షన్లు 6 జీబీకి అటూ ఇటూగా ఉంటున్నాయి. ఇంట్లో నెట్ స్పీడు 20 ఎంబీపీఎస్ అనుకుందాం. ఇది బిట్లలో చెప్పే లెక్క, ఫైలు సైజు మాత్రం బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు వచ్చేది రెండున్నర ఎంబీ మాత్రమే. ఆ లెక్కన ఫైలు మొత్తం రావడానికి 40 నిమిషాలు పడుతుంది. 70 శాతం అయ్యాక కరెంటు పోయి రూటర్ ఆగిపోయిందనుకోండి. అప్పటికి దిగిన 4.2 జీబీ వృథా కావలసిందేనా?

అవసరం లేదు. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1లోనే దీనికి ఏర్పాటు ఉంది. మన ప్రోగ్రాం సర్వర్‌ను ‘ఫలానా బైటు నుంచి పంపు’ అని అడగవచ్చు. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే కోడ్‌తో మిగతా భాగమే పంపుతుంది. ఆ సౌకర్యం లేని సర్వర్ 200 అని జవాబిచ్చి ఫైలును మళ్లీ మొదటినుంచి పంపుతుంది. ఈ తేడా చూసుకోని ప్రోగ్రాం ఆ పూర్తి ఫైలును తెచ్చి పాత సగానికి అతికిస్తే రెండూ పనికిరాకుండా పోతాయి.

అందుకే పెద్ద ఫైలు మొదలుపెట్టే ముందు సర్వర్ సంగతి కనుక్కోవడం మేలు. కర్ల్ అనే ఉచిత ప్రోగ్రాం లినక్స్, మ్యాక్‌లతో పాటు విండోస్ 10, 11ల్లోనూ ఉంటుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వాడాలి. కింద LINK అని ఉన్నచోట ఫైలు చిరునామా పెట్టండి.

```
curl -I -L "LINK"
```

ఫైలు దిగదు, దాని వివరాలే వస్తాయి. అందులో `Content-Length` ఫైలు సైజు చెబుతుంది. `Accept-Ranges: bytes` కనిపిస్తే ఆగిన చోటినుంచి కొనసాగించే వీలున్నట్టే. సైజు చెప్పని సర్వర్లూ ఉన్నాయి. అలాంటప్పుడు ఎంత వచ్చిందో తెలుస్తుంది గానీ ఎంత మిగిలిందో తెలియదు. శాతం చూపడం ఏ ప్రోగ్రాం వల్లా కాదు.

సైజు తెలిశాక డిస్కులో చోటు చూసుకోవాలి. లినక్స్, మ్యాక్‌లలో `df -h .` అని కొడితే ఇప్పుడున్న ఫోల్డర్ ఏ డిస్కులో ఉందో ఆ డిస్కు ఖాళీ ఎంతో కనిపిస్తుంది. సగంలో ఆగిన ఫైలుకైతే మిగతా 1.8 జీబీకి చోటుంటే చాలు. జిప్ ఫైలైతే విప్పడానికి వేరే చోటు కావాలి, దాన్నీ కలుపుకోవాలి.

ఖాళీ ఉన్నా ఆగిపోయే సందర్భం ఒకటుంది. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటాయి. అందులో ఒక్క ఫైలు 4,29,49,67,295 బైట్లు మించకూడదు. మన 6 జీబీ ఫైలు 72 శాతం చేరకముందే అక్కడ ఆగిపోతుంది. డ్రైవ్‌లో 50 జీబీ ఖాళీ ఉన్నా అంతే. ఎన్నిసార్లు మొదలుపెట్టినా 4 జీబీ దగ్గరే ఆగుతుంటే తప్పు నెట్‌ది కాదు. ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్టీఎఫ్ఎస్‌గానో ఉన్న డిస్కులోకి దించుకోవాలి.

ఇక దించుకునే కమాండ్:

```
curl -f -L -C - -o ubuntu.iso "LINK"
```

మధ్యలో ఆగితే అదే ఫోల్డర్‌లో ఇదే కమాండ్ మళ్లీ ఇవ్వండి. `-C -` ఉన్న ఫైలు సైజు చూసి అక్కడినుంచి అడుగుతుంది. సర్వర్ ఒప్పుకోకపోతే ఎర్రర్ 33 చూపి ఆగుతుంది, పాత భాగాన్ని పాడుచేయదు. లాగిన్‌తో వచ్చిన లింకుల్లో కొన్నింటికి గడువు ఉంటుంది. గడువు దాటాక సర్వర్ ఫైలుకు బదులు ఎర్రర్ పేజీ పంపుతుంది. అది మన ఫైల్లో చేరకుండా `-f` అడ్డుకుంటుంది. అప్పుడు కొత్త లింకు తెచ్చుకుని అదే కమాండ్‌లో పెడితే సరిపోతుంది.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా ఒక ప్రమాదం మిగిలి ఉంది. మనం ఆగిన వేళలో సర్వర్‌లో అదే పేరుతో కొత్త ఫైలు పెట్టి ఉండవచ్చు. పాత ఫైలు ముందు భాగం, కొత్త ఫైలు వెనుక భాగం కలిసిపోయినా కర్ల్ ఈ కమాండ్‌తో పసిగట్టలేదు. దాన్ని పట్టిచ్చేది హ్యాష్. ఉబుంటు వాళ్లు ఐఎస్ఓ పక్కనే `SHA256SUMS` అనే ఫైలు ఉంచుతారు. మన ఫైలు హ్యాష్‌ను లినక్స్‌లో `sha256sum ubuntu.iso` అని, విండోస్‌లో `certutil -hashfile ubuntu.iso SHA256` అని కొట్టి తెలుసుకోవచ్చు. రెండింట్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు తీసేసి మొదటినుంచి దించుకోవలసిందే.

నూరు శాతం అని చూపిందంటే బైట్ల లెక్క సరిపోయిందని మాత్రమే అర్థం. హ్యాష్ కలిసిన తర్వాతే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి.