స్నిచ్ పట్టినా ఓడిపోవచ్చు

హ్యారీ పాటర్ నవలలు ఇష్టంగా చదివేవాళ్లలో కూడా క్విడిచ్ ఆట రాగానే పేజీలు గబగబా తిప్పేసేవాళ్లున్నారు. వాళ్ల ఫిర్యాదు ఒకటే. పద్నాలుగు మంది చీపురుకట్టలెక్కి గాల్లో తిరుగుతుంటారు, ఎర్ర బంతొకటి చేతులు మారుతుంటుంది, చివరికి హ్యారీ చిన్న బంగారు బంతిని పట్టేస్తాడు. వెంటనే 150 పాయింట్లు వచ్చిపడతాయి, ఆట అయిపోతుంది. అంతా ఆ ఒక్కడి చేతిలోనే ఉంటే మిగతావాళ్లు అంతసేపు చెమటోడ్చడం దేనికి?

ప్రశ్న న్యాయమైనదే. జవాబు మూడో నవల ‘ప్రిజనర్ ఆఫ్ అజ్కబాన్’లో ఉంది. అక్కడి ఫైనల్ మ్యాచ్‌ని స్కోరు లెక్కతో చదివితే, పిచ్చిగా కనిపించే ఈ ఆట ఎలా నడుస్తుందో తెలుస్తుంది. అయితే ముందు నిబంధనలు కాస్త కుదురుగా చూడాలి.

రచయిత్రి జె.కె. రౌలింగ్ ఈ నిబంధనల్ని మొదటి నవలలోనే చెప్పేశారు. పదకొండేళ్ల హ్యారీకి గ్రిఫిండోర్ జట్టు కెప్టెన్ ఆలివర్ వుడ్ మైదానంలో ఒక పెట్టె తెరిచి బంతులు చూపిస్తాడు. మొత్తం నాలుగు బంతులు. ఫుట్‌బాల్ అంత ఉండే ఎర్ర బంతి క్వాఫిల్. జట్టుకు ముగ్గురు చొప్పున ఉండే చేజర్లు దీన్ని ఒకరికొకరు అందించుకుంటూ వెళ్లి, ఎదుటి జట్టు వైపు ఎత్తయిన స్తంభాల మీద ఉండే మూడు వలయాల్లో ఏదో ఒకదాంట్లోంచి విసరాలి. గోలుకు 10 పాయింట్లు. వలయాల్ని కాచుకునేవాడు కీపర్. రెండు నల్లటి బంతులు బ్లడ్జర్లు. వీటిని ఎవరూ విసరక్కర్లేదు. వాటంతటవే ఎగురుతూ ఆటగాళ్లను చీపుర్ల మీంచి పడగొట్టాలని చూస్తాయి. వుడ్ ఒకదాన్ని వదలగానే అది హ్యారీ ముఖం మీదికే దూసుకొస్తుంది. హ్యారీ చేతిలోని కర్రతో దాన్ని కొడతాడు. చివరికి వుడ్ దాని మీద పడి అదిమిపట్టి, మళ్లీ పెట్టెలో కట్టేయాల్సి వస్తుంది. ఆటలో ఈ పని ఇద్దరు బీటర్లది. తమవాళ్ల మీదికొచ్చే బ్లడ్జర్లను కర్రతో కొట్టి ఎదుటివాళ్ల మీదికి మళ్లించాలి.

నాలుగోది స్నిచ్. అక్రోటు కాయంత ఉంటుంది, రెక్కలుంటాయి, కంటికి ఆనదు. దాన్ని పట్టే హక్కు జట్టుకు ఒక్కడే ఉండే సీకర్‌ది. హ్యారీ సీకరే. స్నిచ్ పడితే 150 పాయింట్లు, అంటే పదిహేను గోళ్ల విలువ.

ఈ ఆటకు గడియారం లేదు. స్నిచ్ దొరికినప్పుడే ఆట ముగుస్తుంది. ఒకసారి మూడు నెలలు సాగిందనీ, ఆటగాళ్లు నిద్రపోవడానికి మార్చి మార్చి వేరేవాళ్లను దింపారనీ వుడ్ చెబుతాడు. చాలామంది దాన్ని నవ్వుకుని వదిలేస్తారు గానీ అసలు కీలకం అక్కడే ఉంది. ఆట ఎప్పుడు ముగియాలో తేల్చేది సీకరే. కాబట్టి సీకర్ ముందున్న ప్రశ్న స్నిచ్ దొరికిందా లేదా అన్నదొక్కటే కాదు, ఇప్పుడు పట్టొచ్చా కూడదా అన్నది కూడా.

స్నిచ్ పట్టకూడని సందర్భం ఉంటుందా? ఉంటుంది. నాలుగో నవలలో ప్రపంచకప్ ఫైనల్‌లో ఐర్లాండ్ 170, బల్గేరియా 10 మీద ఉండగా బల్గేరియా సీకర్ విక్టర్ క్రమ్ స్నిచ్ పట్టేస్తాడు. తన జట్టు స్కోరు 160 అయింది, ఆట ముగిసింది, పది పాయింట్ల తేడాతో ఓడింది. క్రమ్‌కు లెక్క రాక కాదు. ఐర్లాండ్ చేజర్ల ముందు తమవాళ్లు ఇక పుంజుకోలేరని అర్థమై, మరింత చిత్తుగా ఓడేలోపు ఆటను తన చేతులతోనే ముగించాడని హ్యారీ అనుకుంటాడు. ఐర్లాండ్ గెలుస్తుంది, స్నిచ్ మాత్రం క్రమ్ పడతాడు అని రాన్ అన్నలు ఫ్రెడ్, జార్జ్ ముందే పందెం కాసి గెలిచారు కూడా. నిబంధన తెలిసిన పాఠకుడికి ఆ పందెం తెలివితక్కువగా అనిపించదు.

ఇక మూడో నవల సంగతి. హాగ్వార్ట్స్ బడిలో నాలుగు జట్లున్నాయి. ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కో మ్యాచ్ ఆడుతుంది. కప్పు తేలేది ఎన్ని మ్యాచ్‌లు గెలిచారన్నదాన్ని బట్టి కాదు, ఏడాది మొత్తం మీద కూడబెట్టిన పాయింట్లను బట్టి. ఐపీఎల్‌లో ప్లేఆఫ్ బెర్త్ కోసం నెట్ రన్ రేట్ లెక్కలేసే మన క్రికెట్ అభిమానికి ఈ తంటా వేరే చెప్పక్కర్లేదు. గెలిస్తే చాలదు, ఎంత తేడాతో గెలిచామన్నది కావాలి.

ఆ ఏడాది గ్రిఫిండోర్‌కు తొలి మ్యాచ్‌లోనే దెబ్బ పడింది. హఫిల్‌పఫ్‌తో తుఫానులో ఆడుతూ 50 పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, డిమెంటర్లు మైదానంలోకి రావడంతో హ్యారీ స్పృహ తప్పి పడిపోయాడు. ఎదుటి సీకర్ సెడ్రిక్ డిగరీ స్నిచ్ పట్టాడు. యాభై ముందున్నవాళ్లు నూరు తేడాతో ఓడిపోయారు. తర్వాత రావెన్‌క్లాను 230-30తో ఓడించి కోలుకున్నారు. అయినా చివరి మ్యాచ్ నాటికి స్లిథరిన్ జట్టు పట్టికలో సరిగ్గా 200 పాయింట్లు ముందుంది. ఫైనల్ ఆ స్లిథరిన్‌తోనే.

అంటే గ్రిఫిండోర్ 200 కంటే ఎక్కువ తేడాతో గెలవాలి. స్నిచ్ ఇచ్చేది 150. మిగతాది చేజర్లు గోళ్లతో సంపాదించాలి. జట్టు 50 పాయింట్లకు మించి ముందున్నప్పుడే స్నిచ్ పట్టాలి, లేదంటే మ్యాచ్ గెలిచి కప్పు పోగొట్టుకుంటామని వుడ్ హ్యారీ చెవిలో జోరీగలా పోరుతుంటాడు. గోలుకు పది కాబట్టి కనీసం 60 ముందుండాలి. సరిగ్గా 50 ఉన్నప్పుడు పడితే రెండు జట్లూ సమానమవుతాయే తప్ప పైచేయి రాదు.

ఈ లెక్క సీకర్ల మధ్య సమానత్వాన్ని చెరిపేసింది. స్లిథరిన్ సీకర్ డ్రాకో మాల్ఫోయ్‌కి స్నిచ్ ఎప్పుడు దొరికినా పండగే. హ్యారీకి మాత్రం కళ్లెదుట కనిపించినా చేయి చాపకూడని దశ ఒకటుంది. మ్యాచ్‌లో ఒక చోట స్నిచ్ గ్రిఫిండోర్ గోలు స్తంభం మొదట్లో మెరుస్తూ హ్యారీ కంటబడుతుంది. అతడు దాన్ని పట్టడు. మాల్ఫోయ్ చూస్తాడేమోనని, ఇంకేదో కనిపించినట్టు ముఖం పెట్టి రెండో వైపుకు దూసుకుపోతాడు. మాల్ఫోయ్ ఆత్రంగా వెంటపడతాడు. నిబంధన తెలియనివాళ్లకు ఇదేదో అర్థంలేని పరుగులా ఉంటుంది. తెలిసినవాళ్లకు మ్యాచ్ మొత్తంలో తెలివైన ఎత్తు ఇదే.

చేజర్లు పోరాడి స్కోరును 70-10కి తెస్తారు. అరవై తేడా, తలుపు తెరుచుకుంది. హ్యారీకి స్నిచ్ కనిపిస్తుంది, చీపురు పైకి తిప్పి వెళుతుంటాడు. చేయి చాచబోయేంతలో చీపురు నెమ్మదిస్తుంది. వెనక్కి చూస్తే మాల్ఫోయ్ దాని తోక పట్టుకుని వేలాడుతున్నాడు. స్నిచ్ మాయమైంది. రెఫరీ మండిపడి గ్రిఫిండోర్‌కు పెనాల్టీ ఇస్తుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. మాల్ఫోయ్ చేసింది నీచమైన పనే, కానీ లెక్క ప్రకారం లాభసాటి పని. పెనాల్టీ అంటే ఒక చేజర్ ఒంటరిగా కీపర్ మీదికి గోలు కొట్టే అవకాశం. అది సఫలమైతే పోయేది 10 పాయింట్లు. హ్యారీ స్నిచ్ పట్టి ఉంటే పోయేది 150, దాంతోపాటు కప్పు. ఫుట్‌బాల్‌లోలాగా ఎర్ర కార్డు చూపి బయటికి పంపే పద్ధతి ఇందులో కనిపించదు. మొదటి నవలలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న డీన్ థామస్ రెడ్ కార్డ్ ఇమ్మని అరిస్తే, ఇది ఫుట్‌బాల్ కాదని రాన్ గుర్తుచేస్తాడు. అక్కడ జోకుగా చెప్పిన ముక్కే ఇక్కడ పనికొచ్చింది. శిక్ష ఇంత చవక కాబట్టే స్లిథరిన్ వాళ్లు మ్యాచ్ పొడవునా తప్పు మీద తప్పు చేస్తారు. పైగా కోపంతో ఊగిపోతున్న అలీషియా ఆ పెనాల్టీని గురి తప్పుతుంది. మాల్ఫోయ్‌కి ఖర్చు సున్నా.

తర్వాత స్లిథరిన్ ఒక గోలు కొడుతుంది. 70-20. చూడ్డానికి పది పాయింట్లే, కానీ తేడా మళ్లీ యాభైకి దిగింది. తలుపు మూసుకుపోయింది. హ్యారీకి ఇప్పుడు స్నిచ్ వెతకడం కంటే మాల్ఫోయ్‌ని కదలనివ్వకపోవడమే పని. అతడిని రాసుకుంటూ ఎగురుతుంటాడు. ఇంతలో గ్రిఫిండోర్ చేజర్ ఏంజెలినా క్వాఫిల్‌తో బయల్దేరుతుంది. ఆమెను ఆపడానికి స్లిథరిన్ ఆటగాళ్లంతా, కీపర్‌తో సహా, ఎదురొస్తారు. హ్యారీ తన పని వదిలి నేరుగా ఆ గుంపు మీదికి దూసుకెళ్లి చెదరగొడతాడు. గోలు. 80-20. ఈ ఒక్క క్షణంలో సీకర్ చేజర్‌కు దారిచ్చాడు, చేజర్ సీకర్‌కు తలుపు తెరిచింది. మిగతావాళ్లు దేనికన్న ప్రశ్నకు నవల ఇచ్చిన జవాబు ఇదే.

ఆ వెంటనే మాల్ఫోయ్ కిందికి దూకుతున్నాడు, స్నిచ్ అతడి కంటబడింది. హ్యారీ వెనక నుంచి వచ్చి, రెండు చేతులూ చీపురు వదిలేసి, మాల్ఫోయ్ చేతిని పక్కకు నెట్టి స్నిచ్ పట్టేస్తాడు. 230-20. తేడా 210. 200 కంటే పది ఎక్కువ, అంటే సరిగ్గా ఏంజెలినా కొట్టిన ఆ ఒక్క గోలు.

ఇంత చెప్పినా నా అభిప్రాయం ఒకటుంది. పట్టిక లేని విడి మ్యాచ్‌గా చూస్తే 150 మరీ ఎక్కువే. మొదటి నవలలోని మ్యాచ్‌లు అంతగా రక్తి కట్టకపోవడానికి అదీ ఒక కారణం. నేల మీద ఈ ఆట ఆడి చూసినవాళ్లకూ అదే తట్టింది. 2005లో అమెరికాలో మిడిల్‌బరీ కాలేజీ విద్యార్థులు చీపురు కాళ్ల మధ్య పెట్టుకుని పరిగెత్తుతూ క్విడిచ్ మొదలుపెట్టారు. వాళ్ల ఆటలో స్నిచ్ అంటే నడుముకు బంతి వేలాడదీసుకుని పరిగెత్తే మనిషి. దాన్ని పట్టినవాళ్లకు 30 పాయింట్లు పెట్టుకున్నారు. మూడు గోళ్ల విలువ, అంతే. 2022లో ఆ ఆట పేరు క్వాడ్‌బాల్‌గా మారింది.

సినిమాలు మాత్రమే చూసినవాళ్లకు ఈ లెక్కలేవీ తెలిసే అవకాశం లేదు. 2004 నాటి మూడో సినిమాలో తుఫాను మ్యాచ్ ఉంది, ఫైనల్ లేదు. నాలుగో సినిమాలో ప్రపంచకప్‌కు ముందు హంగామా ఉంది, మ్యాచ్ లేదు. సీకర్‌ను లెక్కలో ఇరికించిన రెండు మ్యాచ్‌లనూ తెర వదిలేసింది. కాబట్టి మూడో నవల 15వ అధ్యాయం తీయండి. పక్కన ఓ కాగితం పెట్టుకుని గోలు పడ్డప్పుడల్లా స్కోరు కాదు, తేడా రాసుకోండి. అది అరవైకి చేరినప్పుడు, తిరిగి యాభైకి పడినప్పుడు ఏం జరుగుతోందో మీకే తెలుస్తుంది.