స్పీడ్ పెంచి లెక్చర్ వింటే నిజంగా ఎంత టైం మిగులుతుంది?

సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం చేరడానికి సుమారు ముప్పావు గంట. ఆ దారిలో కాలేజీకో, కోచింగ్‌కో వెళ్లే పిల్లలు చాలామంది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లెక్చర్లు వింటుంటారు. గంట లెక్చర్ ముప్పావు గంటలో పట్టదు. అందుకే వేలు స్పీడ్ బటన్ మీదకు పోతుంది. 1.5x పెడితే 40 నిమిషాల్లో అయిపోతుంది, దిగేలోపే పాఠం పూర్తి. ఇక్కడిదాకా బాగానే ఉంది. 1.5తో ఇంత మిగిలితే 2తో, 3తో ఇంకెంత మిగులుతుందో అనుకున్నప్పుడే లెక్క తప్పుతుంది.

లెక్చర్ నిడివిని స్పీడ్‌తో భాగిస్తే పట్టే సమయం వస్తుంది. గంట లెక్చర్‌ను 1.5xలో వింటే 20 నిమిషాలు మిగులుతాయి. 1.5 నుంచి 2కి పెంచితే అదనంగా మిగిలేది 10 నిమిషాలే. 2 నుంచి 2.5కి పోతే 6, అక్కడి నుంచి 3కి పోతే 4. ప్రతిసారీ పెంచింది అదే అర పాయింటు, కానీ లాభం తగ్గుతూ పోతోంది. కారణం సింపుల్. స్పీడ్ పెరిగేకొద్దీ వినాల్సిన సమయమే చిన్నదైపోతుంది, కోత పడేది ఆ చిన్న ముక్కలోంచే.

మరి అర్థం కావడం సంగతేంటి? అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 231 మంది విద్యార్థులకు రోమన్ సామ్రాజ్యం గురించి ఒకటి, ఆస్తుల విలువ కట్టడం గురించి ఒకటి, రెండు వీడియోలు చూపించి 40 ప్రశ్నలు ఇచ్చారు. మామూలు స్పీడ్‌లో చూసినవాళ్లకు సగటున 26 మార్కులు వచ్చాయి. 1.5xలో, 2xలో చూసినవాళ్లకు 25. 2.5xకి వచ్చేసరికి 22కి పడిపోయింది. అంటే 2x దాకా పెద్దగా నష్టం కనబడలేదు.

ఇది చూసి అన్నీ 2xలో పెట్టేయాలని తొందరపడొద్దు. ఆ వీడియోలు ఒక్కోటి పావుగంట లోపువే. పైగా విద్యార్థులు మధ్యలో ఆపకూడదు, నోట్స్ రాసుకోకూడదు. మన పిల్లలు చదివేది అలా కాదు కదా. ఫిజిక్స్ లెక్చర్‌లో సార్ బోర్డు మీద సమీకరణం రాస్తుంటే ఇటు నోట్‌బుక్‌లోనూ రాయాలి. వీడియో స్పీడ్ పెరిగినా చేతి స్పీడ్ పెరగదు. మామూలు స్పీడ్‌లో వింటూనే రాసుకోవచ్చు, 2xలో మాత్రం ఆపి రాయాలి, అర్థం కాకపోతే వెనక్కి తిప్పాలి. ఒక్కోసారి అర నిమిషం పోయిందనుకుంటే, 1.5xలో కంటే 20 సార్లు ఎక్కువ ఆపితే 10 నిమిషాలు గల్లంతు. 1.5 నుంచి 2కి పెంచి సంపాదించింది సరిగ్గా ఆ పదే!

అసలు పరీక్ష ఇక్కడే. ఒకే సార్ చెప్పిన, దాదాపు ఒకే నిడివి ఉన్న రెండు లెక్చర్లు తీసుకుని ఒకటి 1.5xలో, ఇంకోటి 2xలో వినాలి. ప్లేయర్ చూపించే టైం కాదు, మొదలుపెట్టినప్పటి నుంచి నోట్స్ పూర్తయ్యేదాకా గోడ గడియారం టైం రాసుకోవాలి. రెండింటికీ తేడా రెండు మూడు నిమిషాలే అయితే 2x వల్ల అలసట తప్ప మిగిలేదేం లేదు.

భాష కూడా చూసుకోవాలి. ఇంట్లో ఉర్దూ, బస్తీలో తెలుగు, కోచింగ్ మాత్రం ఇంగ్లిష్‌లో. చాలా ఇళ్లలో ఇదే సీన్. అలవాటైన భాషలో ఒక మాట చెవిన పడకపోయినా మెదడు పూరించుకుంటుంది, కొత్త భాషలో ఆ వెసులుబాటు తక్కువ. తెలుగులో 'పలు'కీ 'పాలు'కీ తేడా అచ్చు ఎంతసేపు పలికారన్నదే. స్పీడ్ బాగా పెరిగితే ఆ తేడా పట్టుకోవడం కష్టమే. దానికి తోడు మెట్రోలో గోల. ఇంట్లో 1.75xలో తేలిగ్గా విన్న సార్‌నే రైల్లో 1.25xకి దించాల్సి రావచ్చు.

ఆడియోబుక్ కథ వేరు. అక్కడ నోట్స్ లేవు, ఆపే పనీ తక్కువ. 10 గంటల పుస్తకం 1.25xలో 8 గంటల్లో అయిపోతుంది, వినడానికీ ఇబ్బంది ఉండదు. చదివేవాళ్లు నెమ్మదిగా చదివితే 1.5x కూడా మామూలుగానే అనిపిస్తుంది. అందుకే ఒక పుస్తకానికి కుదిరిన స్పీడ్‌ను ఇంకోదానికి అలాగే వదిలేయకూడదు. ఇంట్లో నానీ కూడా వింటుంటే 1xలోనే ఉంచడం మంచిది, వయసు పెరిగేకొద్దీ వేగంగా వచ్చే మాటలు పట్టుకోవడం కష్టమవుతుంది.

2x బాగా పనికొచ్చేది రివిజన్‌కు. ఒకసారి విని నోట్స్ రాసుకున్న పాఠం కాబట్టి ఆపే పని పెద్దగా ఉండదు. యూసీఎల్‌ఏ పరిశోధకులు కూడా ఇది గమనించారు. 2xలో రెండుసార్లు చూస్తే పట్టేది ఒకసారి మామూలుగా చూసినంత సమయమే, కానీ రెండోసారి చూడటాన్ని సరిగ్గా పరీక్షకు ముందు పెట్టుకున్నవాళ్లకు మార్కులు మెరుగ్గా వచ్చాయి. రెండుసార్లూ వెంటవెంటనే చూసినవాళ్లకు ఆ లాభం దక్కలేదు.