మీటరు మాట్లాడకపోతే మంచిదే

పంపుహౌస్‌లో కరెంటు మీటరుకూ కంట్రోలర్‌కూ మధ్య ఉండేవి రెండు తీగలే. మోడ్‌బస్ ఆర్‌టీయూ పద్ధతిలో ‘మొదటి పది రీడింగులు చెప్పు’ అన్న ప్రశ్న ఆరు బైట్లు:

```
01 03 00 00 00 0A
```

వరసగా మీటరు నంబరు, ‘చదువు’ అన్న ఆదేశం, ఎక్కడి నుంచి (రెండు బైట్లు), ఎన్ని (రెండు బైట్లు). పక్కన మోటారు ఆన్ అయ్యి రెండు బిట్లు తిరగబడితే ఇది `01 03 00 02 00 08` కావచ్చు. అంటే, మూడో రీడింగు నుంచి ఎనిమిది. అడిగింది సబబుగానే ఉంది కాబట్టి మీటరు నిక్షేపంగా జవాబిస్తుంది. బైట్లను కూడి మొత్తాన్ని చివర చేర్చినా లాభం లేదు. ఒకచోట రెండు పెరిగి, మరోచోట రెండు తగ్గింది, మొత్తం 14గానే ఉండిపోయింది.

సీఆర్‌సీ కూడదు, భాగిస్తుంది. సందేశాన్నంతా ఒకే పొడవాటి బైనరీ సంఖ్యగా తీసుకుని, ఇరువైపులా ముందే ఒప్పుకున్న భాజకంతో భాగించి, శేషాన్ని వెనక చేరుస్తుంది. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం ఉండదు, అంతే తేడా. ఆ భాజకాన్నే బహుపది అంటారు. మోడ్‌బస్‌ది `0x8005`. దానితో పై ప్రశ్నకు `C5 CD` చేరుతుంది. దారిలో రెండు బిట్లు చెడితే శేషం కుదరదు. మీటరు నోరు విప్పదు, కంట్రోలర్ కాసేపు చూసి మళ్లీ అడుగుతుంది.

ఏ బహుపది ఎంచుకోవాలన్నది తీగ మీద ఎలాంటి తప్పులు వస్తాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మోటారు రొదలాగా తప్పులు ఒకేచోట గుంపుగా పడితే ఎంపికకు పెద్దగా పనిలేదు. సరిగ్గా కట్టిన 16 బిట్ల సీఆర్‌సీ ఏదైనా, 16 బిట్ల లోపు గుంపును తప్పక పడుతుంది. 9600 వేగంలో అది సుమారు 1.7 మిల్లీసెకన్ల రొద. ఇంకా పొడవైతే దాదాపు 65,536లో ఒకటి జారిపోవచ్చు.

చెదురుమదురు తప్పులైతేనే బహుపదుల మధ్య తేడా బయటపడుతుంది. `0x8005` మూడు బిట్ల వరకూ హామీ ఇస్తుంది, మోడ్‌బస్‌లో అతి పెద్ద ఫ్రేముకు కూడా. విద్యుత్ సబ్‌స్టేషన్లలో వాడే డీఎన్‌పీ3 ప్రొటోకాల్ `0x3D65` తీసుకుంది. అది ఐదు బిట్ల వరకూ పడుతుంది, కానీ సమాచారం 135 బిట్లు దాటితే ఆ హామీ పోతుంది. అందుకే డీఎన్‌పీ3 సందేశాన్ని 16 బైట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ వేరే సీఆర్‌సీ పెడుతుంది. పొడవు చూడకుండా బహుపది ఎంచుకోవడం అర్థం లేని పని అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

ఇక చాలామంది తడబడే చోటు బిట్ల వరస. సీరియల్ తీగ ప్రతి బైటులోనూ చిన్న బిట్టును ముందు పంపుతుంది. భాగహారం కూడా అదే వరసలో సాగాలి, అందుకే మోడ్‌బస్ ప్రోగ్రాముల్లో `0x8005` తిరగబడి `0xA001`గా కనిపిస్తుంది. వరస తప్పినా ఇరువైపులా ఒకే తప్పు ఉంటే శేషాలు కుదురుతాయి, పరీక్షలన్నీ పాసవుతాయి. కాకపోతే తీగ మీద పక్కపక్కనే చెడిన బిట్లు లెక్కలో దూరదూరంగా పడి, గుంపు తప్పుల హామీ బలహీనమవుతుంది. కోడును `123456789` అన్న అక్షరాల మీద నడిపి చూడండి. మోడ్‌బస్‌కు `0x4B37` రావాలి.